ఆరో షరతు మీద బొటనవేలు

అంబలి కుండ రోడ్డు మీద పడి పగిలింది. దాని వెనకే రెండు బెంచీలు, బొంగుల కట్ట, గ్యాస్ పొయ్యి. చివరికి మంగ్లు.

బెంచీలు ఎగిరి పడినట్టే ముసలాయన కూడా గుమ్మంలోంచి ఎగిరి పడ్డాడు. మెట్టు అంచు తలకు తగిలింది. తెల్ల జుట్టులోంచి రక్తం చెవి మీదుగా కారి మెడలోకి దిగింది.

"మావా!" అని స్వర్ణ అరిచిన అరుపుకి, బొర్రా గుహలకి పోతూ ఆగిన టూరిస్టు బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. ఎవరో వీడియో తీస్తున్నారు. ఒక్కరూ దిగలేదు.

లోపల భీముడి మనుషులు ముగ్గురు గోడకున్న మేకులు పీకుతున్నారు. కొట్టు యజమాని భీముడు మాత్రం బయట, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అనంతగిరి ఘాటు రోడ్డులో లోయ మొత్తం కనిపించే మలుపు ఒక్కటే ఉంది. ఆ మలుపులో ఉన్న ఒకే ఒక్క కొట్టు అది. అందులో స్వర్ణ బొంగు చికెనూ, రాగి అంబలీ అమ్ముతుంది. మొగుడు జీపు బోల్తాపడి పోయాక ఆమెకు, కూతురికి, ఆడపడుచుకి, మామ మంగ్లుకి తిండి పెడుతున్నది ఆ పొయ్యే. చలికాలపు మూడు నెలలూ అమ్ముకుంటేనే మిగతా ఏడాది గడుస్తుంది. ఇవాళ నవంబరు ఒకటి. మంచు చూడ్డానికి జనం రావడం నిన్ననే మొదలైంది.

"ముసలోడిని తోసేత్తారేటి భీముడన్నా? నీకు మనసున్నాదా?"

"నానెవుణ్ని తోయలేదు. అడ్డమొచ్చినాడు, జారినాడు," అన్నాడు భీముడు. "నిన్నటితో నీ గడువు అయిపోనాది. కాగితంలో రాసున్నాది. నువ్వే సంతకం పెట్టినావు, ఏలిముద్రా ఏసినావు."

"నెల ముందు రాసిత్తే సాలని కాదేటి? నెల ముందే రాసిచ్చినాను నీకు! ఇంకో ఏడాది ఉంటానని రాసిత్తే నవ్వుకుంటా తీసుకున్నావు!"

"నవ్వొచ్చింది, నవ్వినాను. ఉండాలంటే రెండు నెలల ముందు రాసియ్యాలి. ఆరో షరతు. సదివించుకోలేదేటి?"

చదివించుకుంది. అదే ఆమెకు అర్థం కావడం లేదు. చదివించుకుంది కదా!

"ఆ నెట్టు సెంటరోడు ముంచేసినాడు!" ఆడపడుచు గంగ గొంతు అందరికంటే గట్టిగా లేచింది. రోడ్డు మీద చతికిలబడి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో చెంగు అదిమి రక్తం ఆపుతోంది. కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. పొద్దున కత్తి గీసుకుందని చెప్పింది. "రవికుమారుగాడు తప్పు రాసి పంపినాడు. ఆడి ఏలు ఇరిసెయ్యాల! ఓలమ్మో, అయ్యా, కళ్ళు తెరు అయ్యా!"

అరకు వైపు వెళ్తున్న ఆటోని ఎవరో ఆపారు. మంగ్లుని ఎక్కిస్తుంటే అతని జేబులోంచి ఫోను జారి కింద పడింది. స్వర్ణ తీసింది. అద్దం మీద ఒక గీత పడింది గానీ వెలుగుతూనే ఉంది.

"ఆ ఫోను నాకియ్యి, నాను దాత్తాను," గంగ చెయ్యి చాపింది.

"నువ్వు మావతో ఎల్లవా వదినా?"

"నిన్నిలా ఒగ్గేసి ఎలా ఎల్తానే గుంటా? ఆసుపత్రిలో మన వార్డు మెంబరు ఉన్నాడు, సూసుకుంటాడు. ఫోను ఇలాగియ్యి."

కన్నతండ్రి తల పగిలితే కూతురు ఆటో ఎక్కలేదు. ఆ మాట స్వర్ణ మనసులో ఓ మూల పడింది గానీ, దాని సంగతి చూసే తీరిక లేదు. ఫోను బొడ్డులో దోపుకుంది.

"సామాన్లకాడ నువ్వుండు. నాను రవికుమారు కాలరు పట్టుకోడానికి ఎల్తన్నాను."

"ఫోను..."

వినిపించుకోలేదు. అప్పటికే అటుగా వచ్చిన జీపు వెనక కమ్మీ పట్టుకుని వేలాడింది. మలుపు తిరుగుతుంటే చూసింది. భీముడి పక్కన తెల్ల కారులోంచి సన్యాసిరావు దిగాడు. విశాఖలో హోటళ్ళున్న మనిషి. చేతిలో కొలత టేపు ఉంది. లోయ అంచున అద్దాల వంతెన కడతానని రెండేళ్ళుగా ఈ మలుపు చుట్టూ తిరుగుతున్నాడు. అతను గిరిజనుడు కాదు. గిరిజన చట్టం ఉన్న ఈ ఏజెన్సీలో అతని పేరున లీజు కాగితం పుట్టదు. మరి ఎవరి పేరున పుట్టింది?

* * *

రవికుమార్ నెట్ సెంటరు మండలాఫీసుకి ఎదురుగా, రేకుల గది. ఆధారు కార్డులు, కరెంటు బిల్లులు, పిల్లల స్కాలర్‌షిప్పులు. స్వర్ణ దూసుకొచ్చి కౌంటరు మీదుగా అతని చొక్కా పట్టుకుంది. వరసలో ఉన్న ఇద్దరు వెనక్కి జరిగారు.

"ఏటి సదివినావురా నువ్వు? ఒక నెలని రాసి పంపినావు. ఆడు రెండు నెలలంటన్నాడు. నా కొట్టు పోనాది. మావ తల పగిలింది!"

"వదులక్కా, గుండీ తెగుద్ది. నేనేం రాశానో నువ్వు చూశావా?"

"సూడకేటి? ఇదిగో!"

తన ఫోను తీసి అతని మొహం ముందు పెట్టింది. పదకొండు నెలలుగా దాచుకున్న సందేశం. మంగ్లు ఫోను నుంచి వచ్చింది. ఆరోజు అగ్రిమెంటు రాసింది దస్తావేజు లేఖరి. "సదరు రెండవ పార్టీ వారు", "ఇందు మూలముగా", "గడువు సమాప్తమగు నాటికి" అని మెలికలు తిప్పి రాశాడు. స్వర్ణ పేపరు చదవగలదు. ఆ భాష ఆమె నోటికి తిరగలేదు. అసలు కాగితం భీముడు తీసుకున్నాడు. జెరాక్సు రేపిస్తానన్నాడు, ఆ రేపు రానేలేదు. అందుకే షరతులున్న పేజీని అక్కడే ఫోటో తీసి రవికుమార్‌కి పంపారు. అతను దాన్ని ఏఐ యాప్‌లో పెట్టి మామూలు మాటల్లోకి తెప్పించి తిప్పి పంపాడు.

రవికుమార్ చదివాడు. గడువు 2024 డిసెంబరు 1 నుంచి 2025 అక్టోబరు 31 దాకా. అద్దె ప్రతి నెలా అయిదో తేదీలోపు. కరెంటు బిల్లు అద్దెకున్నవాళ్ళది. గోడలు పగలగొట్టకూడదు, వేరేవాళ్ళకి మళ్ళీ అద్దెకివ్వకూడదు. గడువు మధ్యలో ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా, ఎవరైనా సరే ఒక నెల ముందు రాసి ఇవ్వాలి.

అంతే. అక్కడితో ఆగిపోయింది.

అతని మొహంలో రంగు మారింది. "అక్కా, ఇది నేను పంపింది కాదు."

"నీ పేరే ఉన్నాది కదరా!"

"నాదే, కానీ మొత్తం కాదు. కూర్చో."

అతను కంప్యూటరులో వాట్సాప్ తెరిచి, మంగ్లు నంబరు వెతికి, కిందటేడు నవంబరుకి వెళ్ళాడు. ముందు ఫోటో. కింద అతను పంపిన జవాబు. స్వర్ణ దగ్గరున్నదే, మాట మాటకీ అదే. కానీ దాని అడుగున మరో రెండు పేరాలు ఉన్నాయి.

స్వర్ణ పెదాలు కదిపి చదువుకుంది.

*ఆరో షరతు పూర్తిగా చదవలేకపోయాను. ఫోటోలో ఆ వరసల మీద వేలు అడ్డంగా ఉంది. "గడువు తరువాత కొనసాగదలచినచో" అన్న మాటలు, "మాసములు ముందుగా" అన్న మాటలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎన్ని నెలలో కనిపించడం లేదు. ఇది గడువు తరవాత కూడా ఉండాలనుకుంటే ముందుగా ఇవ్వాల్సిన నోటీసు గురించి కావచ్చు. మధ్యలో ఖాళీ చేసే ఒక నెల నోటీసు, ఇదీ ఒకటే అనుకోవద్దు. వేలు తీసి మళ్ళీ ఫోటో పంపండి.*

*ఒకటో పార్టీ ఎవరు, రెండో పార్టీ ఎవరు అన్నది ఈ పేజీలో లేదు. ఒకటో పార్టీ యజమాని అనుకుని చెప్పాను. మొదటి పేజీతో సరిచూసుకోండి.*

"కనపడనిది కనపడలేదనే చెప్పింది," అన్నాడు రవికుమార్. "ఒక నెల, రెండు నెలలు అని ఊహించి రాయలేదు. నీ దగ్గరికి వచ్చినదాంట్లో ఈ రెండూ లేవు. ఎవరో కోసేశారు."

"దారిలో రాలిపోయుంటాది?"

"ఇది బియ్యం బస్తా కాదక్కా. ఉన్నదున్నట్టు పంపితే పైన 'ఫార్వర్డ్' అని గుర్తు పడుద్ది. నీదాంట్లో ఆ గుర్తు లేదు. అంటే కాపీ చేసి, కావలసింది ఉంచి, మిగతాది చెరిపి, కొత్తగా పంపారు. చదవడం వచ్చిన మనిషే చేశారు."

స్వర్ణ బొడ్డులోంచి మంగ్లు ఫోను తీసింది. మావకి చదవడం రాదు. ఆకుపచ్చ బొత్తాం ఎత్తడానికి, ఎర్ర బొత్తాం పెట్టెయ్యడానికి, అంతే తెలుసు.

"మళ్ళీ ఫోటో పంపమన్నావు కదా. దానికేటన్నారు?"

రవికుమార్ కింద చూపించాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. *సరే అన్నా, రేపు మళ్ళీ తీస్తాం.*

"రేపు రాలేదు. నేనూ మర్చిపోయాను," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. "ఒక్క ఫోను చేసుండాల్సింది."

"మావ నిన్ను అన్నా అంటాడేట్రా? గుంటడా అంటాడు."

రవికుమార్ ఫోటో మళ్ళీ తెరిచాడు.

"ఫోటో తీసిందెవరు?" అన్నాడు అతను.

"మావ తీసినాడని సెప్పినారు. నానక్కడ లేను. ఏలికి సిరా అంటితే కడుక్కోడానికి కుళాయికాడికి ఎల్లినాను. వచ్చేసరికి తీసేసినాం, పంపేసినాం అన్నారు."

"అన్నారంటే? ఎవరన్నారు?"

స్వర్ణ తెర దగ్గరికి జరిగింది. ఫోటో పెద్దది చెయ్యమంది.

పేజీ అడుగున, కుడి అంచు నుంచి అడ్డంగా పొడుచుకొచ్చిన బొటనవేలు. సరిగ్గా ఆరో షరతు మీద. గోరు చుట్టూ, కణుపు దాకా నీలం సిరా.

"సిరా అందరి ఏళ్ళకీ ఉన్నాది," ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "లేఖరి సంతకం వచ్చినోళ్ళ చేత సంతకం పెట్టించి, అందరి చేతా ముద్ర కూడా ఏయించినాడు. భీముడు, నాను, సాక్షులు మావా, వదినా."

"మగాళ్ళ వేలు కావచ్చు, ఆడాళ్ళది కావచ్చు. ఇంత పెద్దది చేస్తే ఏం తెలుస్తుంది?"

"ఆగు."

ఆమె ఎడమచెయ్యి ఎత్తి తెర మీద ఆ బొటనవేలికి సరిగ్గా ఆనించబోయింది. కుదరలేదు. చెయ్యి అడ్డంగా మెలిక తిరిగింది. కుడిచెయ్యి పెట్టింది. వేలు మీద వేలు అమరిపోయింది.

లేఖరి గొంతు చెవిలో మోగింది. సిరా డబ్బా తెరుస్తూ విసుక్కున్న గొంతు. *మగోళ్ళు ఎడమ బొటనవేలు. ఆడోళ్ళు కుడి. ఎన్నిసార్లు చెప్పాలయ్యా మీకు!* భీముడు ఎడమవేలే ఒత్తాడు. మంగ్లు పొరపాటున కుడిచెయ్యి చాపితే లేఖరి దాని మీద ఒక్కటి కొట్టి, ఎడమ వేలు పట్టుకుని అద్దాడు.

సిరా అంటిన కుడి బొటనవేలు. ఆ బల్ల దగ్గర అలాంటివి రెండే. ఒకటి కుళాయి కింద ఉంది.

స్వర్ణ తెర మీంచి చెయ్యి తీసేసింది. కౌంటరు పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఒకే పళ్ళెంలో తిన్న చెయ్యి. మొగుడి శవం కొండ కిందనుంచి పైకి తెచ్చిన రోజు తన జుట్టు ముడేసిన చెయ్యి. పొద్దున్నే కత్తి గీసుకుందని గుడ్డ చుట్టుకున్న చెయ్యి.

పొద్దున్నే.

"రవీ," అంది. "కొత్త అగ్రిమెంటు రాసుకుంటే మళ్ళీ ఏలిముద్ర ఏత్తారు కదా?"

"ఆ లేఖరి దగ్గరైతే ఖచ్చితంగా."

"బండి తియ్యి."

అతను కౌంటరు మూస్తూనే స్టేషనుకి ఫోను చేశాడు. సన్యాసిరావు సంగతి ఆమె చెప్పగా విని, బండి మీద వెనక్కి తిరిగి అరిచి చెప్పాడు. గడువు దాటినా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా మనిషిని ఇలా రోడ్డు మీదకి నెట్టే హక్కు యజమానికి లేదు. మనిషికి దెబ్బ తగిలితే అది వేరే కేసు. వేరేవాళ్ళ పేరు అడ్డం పెట్టుకుని గిరిజనేతరుడు తీసుకున్న లీజు ఇక్కడ చెల్లదు. "అన్నీ నిలబడతాయో లేదో నాకు తెలీదక్కా, ఫిర్యాదు మాత్రం ఇవాళే పడాలి."

స్వర్ణ వినలేదు. బొడ్డులో ఆమె ఫోను అదిరింది. వార్డు మెంబరు.

"సొర్నా, ముసలాయనకి తెలివి రాలేదు. ఇక్కడ కాదంటన్నారు. విశాఖ తీసుకెల్లిపోతన్నారు. గంగని బేగి పంపు. అయ్యకాడ కూతురుండాల కదా!"

* * *

మలుపు దగ్గర మంచు దిగింది. కొట్టుకి కొత్త తాళం వేలాడుతోంది. పగిలిన కుండ పెంకుల్ని ఎవరో కాలితో పక్కకి నెట్టారు. సన్యాసిరావు లోయ అంచున టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస భీముడి చేతిలో ఉంది. రోడ్డు పక్క సామాన్ల గుట్ట మీద గంగ కూర్చుని ఉంది. కాపలా కాస్తున్నట్టే ఉంది.

పోలీసు జీపు అప్పుడే వచ్చి ఆగింది. హెడ్ కానిస్టేబులు అప్పలస్వామి దిగి, మలుపునీ, తాళాన్నీ, మెట్టు మీద ఎండిన రక్తాన్నీ వరసగా చూశాడు.

"ఏటి కత?"

"గడువయిపోయిన కొట్టండి," భీముడు టేపు వదిలేసి వచ్చాడు. "నానెవుడికీ అన్నేయం సెయ్యలేదు. కొత్త కాగితం కూడా ఏజెన్సీ మనిషికే రాసినాను. సట్టం తెలుసు నాకు."

"ఎవరికి?"

భీముడు సామాన్ల గుట్ట వైపు చూశాడు. సన్యాసిరావు టేపు చుట్టుకుంటూ కారు వైపు నాలుగడుగులు వేశాడు.

స్వర్ణ తిన్నగా గంగ దగ్గరికి నడిచింది. ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"తగువు తేలిందేటే?" గంగ అడిగింది. "ఆ నెట్టోడు ఒప్పుకున్నాడా? అయ్య కబురేటి?"

"సెయ్యి సూపించు వదినా. తెగిందన్నావు కదా. పసుపెడతాను."

"తగ్గిపోనాదిలే."

"సూపించు."

గంగ చెయ్యి వెనక్కి లాక్కుంది. స్వర్ణ మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒక్క క్షణం అలాగే పెనుగులాడారు. కొండ మీద కలిసి కట్టెలు కొట్టిన చేతులు, ఒకదానికొకటి తీసిపోవు. ముడి ఊడింది. గుడ్డ రోడ్డు మీద పడింది.

తెగిన గాటు లేదు. గోరు చుట్టూ, కణుపు దాకా కడిగినా పోని నీలం.

గంగ ఆ వేలు దాచుకోలేదు. తలెత్తింది. ఆ కళ్ళలో ఏడుపు లేదు.

"అది మా తమ్ముడి కొట్టు," అంది. "ఆడు సచ్చిపోతే నీదెలాగయ్యింది? నాను ఆశ్రమం ఇస్కూల్లో పది సదివి నీ పొయ్యికాడ గిన్నెలు తోమాల? ఆ కారు బాబు నన్ను మేనేజరుని సేత్తానన్నాడు. పేరు నాదుంటాది, బోర్డు మీద."

"మావని ఆల్లు తోసేసినారు. నువ్వు సూత్తా కూసున్నావు."

"అయ్య అడ్డమొత్తాడని నాకేటి తెలుసు?" గంగ స్వర్ణ మోచెయ్యి పట్టుకుంది. "అయ్యకి... ఎలాగున్నాది?"

స్వర్ణ బొడ్డులోకి చెయ్యి పెట్టింది. మంగ్లు ఫోను తీసి, పగిలిన అద్దం వెనక వెలుగుతున్న ఆ ఫోటో, నీలం బొటనవేలు, గంగ ఒళ్ళో పెట్టింది. లేచి నిలబడింది.

అప్పలస్వామి కాగితాల అట్ట తెరిచి, పెన్ను విదిలించాడు. "ఎవరి మీద రాయమంటావమ్మా? భీముడి మీదా? ఆ కారాయన మీదా?"

"ఆల్లిద్దరి పేర్లూ రాయండి," అంది స్వర్ణ. "అందరికన్నా పైన ఇంకో పేరు రాయండి."

"ఎవరిది?"

టూరిస్టు బస్సు ఇంకొకటి వచ్చి ఆగింది. అంబలి కోసం దిగిన జనం, తాళం చూసి, మాటలాపి నిలబడిపోయారు. వాళ్ళందరికీ వినపడేలా, మంచులో కొండకి అవతలి వైపుకీ వినపడేలా స్వర్ణ గట్టిగా చెప్పింది.

"గంగ. మంగ్లు కూతురు గంగ. నా ఆడపడుచు."